పాకే పిల్లలున్న ఇంట్లో ప్లగ్ పాయింట్లకు మూతలా, షట్టర్ సాకెట్లా, ఆర్‌సీసీబీ ఒక్కటే చాలా?

మణికొండ_అమ్మ
మా పాపకు 13 నెలలు. అద్దె ఫ్లాట్. నేలకు అడుగు ఎత్తులో ఏడు ప్లగ్ పాయింట్లున్నాయి. టీవీ దగ్గర మూడు, ఫ్రిజ్‌కి ఒకటి, మంచం పక్కన రెండు, నడవలో ఒకటి. టీవీ కింద ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీదే ఉంది. ప్లాస్టిక్ మూతలు కొననా, సాకెట్లే మార్పించనా? మా ఎలక్ట్రీషియన్ అయితే "లీకేజీ వస్తే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ఉంది కదమ్మా, ఇంకేం అక్కర్లేదు" అంటున్నాడు.

నిజాంపేట్_రాజు
మూతలు తీసుకోండి. ప్యాకెట్ తెచ్చుకుంటే పది నిమిషాల పని.

కోఠి_వైర్‌మ్యాన్
రాజు గారూ, మూత పెట్టిన రోజు బాగానే ఉంటుంది. రాత్రి ఫోన్ ఛార్జింగ్‌కి దాన్ని పీకి మంచం మీద పడేస్తారు. తెల్లారేసరికి అది పాప నోట్లో. ఏడాదిన్నర దాటితే పిల్లలే గోటితో లాగేస్తారు. కొన్ని మూతల కాళ్లు మన 6 ఆంపియర్ సాకెట్‌కి సరిపోక లోపలి ఇత్తడి పట్టీల్ని వెడల్పు చేస్తాయి. ఆ తర్వాత ఛార్జర్ పెడితే వదులుగా ఊగుతుంది, చిటపటమంటుంది, ప్లగ్ వేడెక్కుతుంది.

అమ్మా, ఏడూ మార్చక్కర్లేదు. ఎప్పుడూ ప్లగ్ ఉండే పాయింట్ కన్నా ఖాళీగా ఉండేదే ముందు చూడాలి. మీ లెక్కలో అవి మంచం పక్క రెండు, నడవలో ఒకటి. ఈ మూడింటికి కన్నాల లోపల అడ్డు తెర ఉండే షట్టర్ సాకెట్ వేయించండి. మాడ్యులర్ బోర్డయితే ఫ్రేమ్ మీద ఉన్న కంపెనీ, సిరీస్ పేరు చూసి అదే తెండి, వేరేది అందులో కూర్చోదు. ట్రూప్ బజార్‌లో విడిగా ఒక్క సాకెట్ కూడా ఇస్తారు.

కొనేముందు సాకెట్ చేతిలో ఉండగానే, అంటే గోడకు బిగించకముందే, ఒక అగ్గిపుల్లతో కింది రెండు కన్నాల్లో ఒక్కదాన్ని నొక్కి చూడండి. తెరుచుకోకూడదు. తర్వాత మీ రెండు పిన్నుల ఛార్జర్ గుచ్చండి. రెండు వైపులా ఒకేసారి ఒత్తిడి పడితే తెరుచుకునే రకమైతే సాఫీగా దిగుతుంది. దిగకపోతే అది పైన ఎర్త్ పిన్ను లోపలికి వెళ్తేనే తెరుచుకునే రకం. అది మంచం పక్కన వద్దు.

సర్క్యూట్_సుబ్బు
అంతా ఖర్చు పెట్టించే మాటలే. ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ లీకేజీకే ట్రిప్ కొట్టేస్తుంది, అదీ రెప్పపాటులో. ఇంటి మొత్తానికి ఒక్కటి చాలు. మీ ఎలక్ట్రీషియన్ చెప్పింది రైటు.

మౌనిక_కొండాపూర్
ఎర్త్ పిన్ను రకం ఎందుకు వద్దన్నారు? అదే గట్టిగా ఉంటుంది కదా?

కోఠి_వైర్‌మ్యాన్
మౌనిక గారూ, దానికి రెండు పిన్నుల ఛార్జర్ దిగదు. అప్పుడు ఇంట్లోవాళ్లు చేసే పని, పై కన్నంలో పెన్నో స్క్రూడ్రైవరో దూర్చి షట్టర్ తెరిచి ఛార్జర్ గుచ్చడం. పిల్లలు చూసి నేర్చుకునేది కూడా సరిగ్గా అదే. మూడు పిన్నుల ప్లగ్గులే పెట్టే చోట, అంటే ఫ్రిజ్‌కీ వాషింగ్ మెషీన్‌కీ, ఆ రకం బాగుంటుంది.

సుబ్బు గారూ, ఆర్‌సీసీబీ వద్దని నేననలేదు. కానీ డబ్బా మీద అంకె చూశారా? చాలా ఫ్లాట్లలో మెయిన్ దగ్గర ఉండేది 100 మిల్లీ ఆంపియర్‌ది. అది వైరింగ్ లీకేజీతో నిప్పు అంటుకోకుండా చూసేది, మనిషి కోసం కాదు. మనిషికి 30 కావాలి. పైగా ఫేజ్‌లో ఒక పిన్ను, న్యూట్రల్‌లో ఒక పిన్ను రెండు చేతులతో పట్టుకుంటే, వెళ్లిన కరెంటు వెళ్లినట్టే తిరిగొస్తుంది. ఆర్‌సీసీబీ చూసేది వెళ్లినదానికీ తిరిగొచ్చినదానికీ తేడానే, అది కనపడకపోతే ఎందుకు కొడుతుంది?

సర్క్యూట్_సుబ్బు
పిల్ల నేల మీద కూర్చుంటుందండీ, గాల్లో కాదు. గ్రానైట్ మీద వట్టి కాళ్లు. ఎంతో కొంత భూమికి పోతుంది, అది చాలు కొట్టడానికి.

కోఠి_వైర్‌మ్యాన్
పోవచ్చు, పోకపోవచ్చు. పొడి నేల, మీద రబ్బరు ఆట మ్యాట్ ఉంటే? ఇంకొకటి, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? కరెంటు పోయినప్పుడు ఆ లైన్లు ఇన్వర్టర్ నుంచి వస్తాయి, మీ ఆర్‌సీసీబీ దానికి ముందు వైపు ఉంటే ఆ సమయంలో కాపలా లేనట్టే. ఇన్వర్టర్ న్యూట్రల్‌ని ఇంకో లైన్ న్యూట్రల్‌తో కలిపేస్తే మాటిమాటికీ కొట్టేస్తుంది. తప్పెక్కడుందో వెతకడం మానేసి ఆర్‌సీసీబీని పక్కకు తప్పించి నేరుగా లైన్ ఇచ్చిన ఇళ్లు ఈ ఊర్లో బోలెడు. దాని మీద 'టి' అని ఉన్న బటన్ నొక్కండి. కొట్టకపోతే అక్కడున్నది ఉత్త డబ్బా. కొట్టాక ఇంట్లో ఏ పాయింట్లు పనిచేస్తున్నాయో తిరిగి చూడండి. అవన్నీ దాని కాపలా బయట ఉన్నవి.

మలక్‌పేట_తాత
మా కాలంల షట్టర్లు లేవు, డబ్బాలు లేవు. నలుగురు పిల్లల్ని పెంచినం, ఏమైంది? స్విచ్చి బంద్ జేస్తే అయిపాయె. ఇప్పటోళ్లకు ఫోన్ల మీదున్న ధ్యాస పిల్లల మీద ఉండదు.

మౌనిక_కొండాపూర్
తాతగారూ, అప్పట్లో బోర్డులు పెద్దవాళ్ల ఛాతీ ఎత్తులో ఉండేవి. ఇప్పుడు బిల్డర్లు అందం కోసం నేల పక్కన పెడుతున్నారు. పోలిక ఎక్కడిది?

కోఠి_వైర్‌మ్యాన్
స్విచ్ మాట తీసెయ్యాల్సింది కాదు. కాకపోతే మీటే స్విచ్‌ని పాప కూడా నొక్కుతుంది. ఫేజ్, న్యూట్రల్ తారుమారుగా బిగించి ఉంటే స్విచ్ ఆపినా కన్నంలో కరెంటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు స్విచ్ ఆపేసి టెస్టర్ పెట్టమనండి. ఏ కన్నంలో బల్బు వెలిగినా స్విచ్ తీగ తప్పు. స్విచ్ వేశాక ఎదురుగా చూస్తే కుడి కన్నంలోనే వెలగాలి.

నీలోఫర్_సిస్టర్
కన్నాల గురించే ఇంత మాట్లాడుతున్నారు. మరి తీగలు? రైస్ కుక్కర్ వైర్ గోడకి గుచ్చి, స్విచ్ ఆపకుండా, కుక్కర్ మాత్రం తీసుకెళ్లి డైనింగ్ టేబుల్ మీద పెడతారు. కుక్కర్‌కి తగిలించే కొన గట్టు మీంచి వేలాడుతుంటుంది. అందులో 230 వోల్టులున్నాయి. పాకే పిల్ల దాన్ని నోట్లో పెట్టుకుంటే ఉమ్మితో లోపలి రాగి దాకా తడి చేరుతుంది, పెదవి మూల కాలుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఖాళీ కన్నాలూ అంతే, తీగ పొర కొరికినా అంతే.

కాలిన చోటు బూడిద తెలుపులో చిన్న మచ్చలా ఉంటుంది, నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. "ఏమీ కాలేదు" అనుకుని ఇంట్లో ఉంచేస్తారు. వారం, పది రోజులకు ఆ పెచ్చు ఊడినప్పుడు కింద ఉన్న పెదవి రక్తనాళం తెగి రక్తం ధారగా కారవచ్చు. అందుకే మొదటి రోజే ఆసుపత్రికి రావాలి. తర్వాత రక్తం కారితే పెదవిని లోపల ఒక వేలు, బయట ఒక వేలు పెట్టి గట్టిగా నొక్కి పట్టుకునే బయల్దేరాలి.

కుక్కర్ వైర్ ముందు గోడ దగ్గర తీయండి, తర్వాతే కుక్కర్ దగ్గర. ట్రిమ్మర్, ల్యాప్‌టాప్ అడాప్టర్ నుంచి ఊడొచ్చే తీగలకూ ఇదే.

మణికొండ_అమ్మ
సిస్టర్ గారూ, మా కుక్కర్ వైర్ ఎప్పుడూ గోడకే ఉంటుంది. ఇప్పుడే తీసి పై షెల్ఫ్‌లో పెట్టాను. టీవీ కింద బాక్స్ సంగతి ఏం చేయను?

కోఠి_వైర్‌మ్యాన్
బాక్స్ వెనక తాళం కన్నం ఆకారంలో రెండు రంధ్రాలుంటాయి. వాటి మధ్య దూరం కొలిచి టీవీ యూనిట్ చెక్క వెనక వైపు రెండు స్క్రూలు బిగించి తగిలించండి. నేల నుంచి లేచిపోతుంది, తుడిచేటప్పుడు నీళ్లు తగలవు. మిగిలిన తీగను వదులుగా మడిచి మెత్తటి పట్టీతో కట్టండి. ఇనుప తీగ ముడి వద్దు, పొర కోసుకుపోతుంది. అడాప్టర్లను మూత పెట్టే డబ్బాలో కుక్కొద్దు, గాలి ఆడక ఉడికిపోతాయి. ఐరన్ బాక్స్, కూలర్, హీటర్ లాంటివి ఈ బాక్స్‌కి అసలే పెట్టొద్దు. బాక్స్ తీగ చుట్ట చుట్టి ఉండగా వాటిని నడిపితే చుట్టే వేడెక్కుతుంది.

బాక్స్ నుంచి గోడదాకా వెళ్లే తీగకు పీవీసీ కేసింగ్ పట్టీ వేయండి. మూత పట్టీ ఊడకుండా మూలల్లో చిన్న స్క్రూ వేయాలి, లేకపోతే పిల్లలకు అదో ఆట. గట్టు మీద కెటిల్ తీగ అంచు దాటి వేలాడకూడదు. లాగితే మరిగే నీళ్లు నెత్తిన పడతాయి.

నిజాంపేట్_రాజు
మూతలు అంత పనికిరానివైతే అందరూ ఎందుకు అమ్ముతున్నారు? షట్టర్ మీద మూత కూడా పెడితే రెండు రక్షణలు కదా.

కోఠి_వైర్‌మ్యాన్
ఆ పని మాత్రం చేయొద్దు. మూత కాళ్లే షట్టర్‌ని తెరిచి పెడతాయి. 2016లో బ్రిటన్ ఆరోగ్య శాఖ ఆసుపత్రుల్లో ఈ మూతలు తీసేయమంది.

నిజాంపేట్_రాజు
అక్కడ ప్రతి సాకెట్‌కీ షట్టర్ ఉంది, కాబట్టి అక్కడ తీసేయమన్నారు. మన పాత సాకెట్‌కి షట్టరే లేదు. తెరిచి ఉన్న కన్నం కన్నా మూసిన కన్నం మేలు కాదా?

కోఠి_వైర్‌మ్యాన్
అది ఒప్పుకోవచ్చు. వారం పది రోజులకు, ఎవరూ ముట్టుకోని పాయింట్‌కైతే సరే. రోజూ వాడే దానికి కాదు.

సర్క్యూట్_సుబ్బు
చివరికి మళ్లీ సాకెట్లు కొనమనే. మీది కోఠిలో దుకాణమా?

కోఠి_వైర్‌మ్యాన్
నా దుకాణం గురించి తర్వాత. 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ ధరకు ఇలాంటి సాకెట్లు ఎన్ని వస్తాయో మీరే లెక్కేసుకోండి. అమ్ముకోవాలంటే నేనూ మీలాగే ఆర్‌సీసీబీనే కొనమనేవాణ్ని! చెప్పిన పాయింట్‌కి జవాబు లేనప్పుడు మనిషి మీద పడితే ఎలా?

సర్క్యూట్_సుబ్బు
సరే, సూటిగా చెబుతా. అద్దె ఇంట్లో సాకెట్లు మార్పించినందుకు "గోడ పాడు చేశారు" అని అడ్వాన్స్‌లో కోత పెట్టారు మాకు. ఆర్‌సీసీబీ మెయిన్ బోర్డులో ఉంటుంది, అది ఓనర్ పెట్టి తీరాల్సింది. అద్దెకున్నవాడు జేబులోంచి తీసి ఓనర్ ఇల్లు ఎందుకు బాగుచేయాలి? నా గొడవ అది.

మౌనిక_కొండాపూర్
ఇదే మొదట చెప్పుంటే ఇంత రచ్చ ఉండేది కాదు.

కోఠి_వైర్‌మ్యాన్
ఓనర్‌దే బాధ్యత, కాదనను. ఆయన ఒప్పుకునేదాకా పాప ఆగదు కదా. మాడ్యులర్‌లో గోడను తాకే పనే లేదు. ఎంసీబీ దించి, పై ఫ్రేమ్ ఊడదీసి, రెండు స్క్రూలు, మూడు తీగలు. అంతే. పాత సాకెట్లు కవర్లో పెట్టి ఏ గదివో రాసుకోండి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి బిగించి కొత్తవి మీ వెంట తీసుకెళ్లండి. మొదలుపెట్టే ముందు, అయ్యాక ఫోటోలు తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి.

సర్క్యూట్_సుబ్బు
మళ్లీ ఖర్చు, శ్రమ మనవే. ఓనర్లు ఇలాగే తప్పించుకుంటారు. అడగకుండా మార్చుకుపోతే వాళ్లకి ఎప్పటికి తెలుస్తుంది?

మలక్‌పేట_తాత
నేనూ ఓనర్నే. అడిగితే పెట్టిస్త. అడగకుంట గోడల కన్నాలు వెడితెనే కోపమొస్తది.

మణికొండ_అమ్మ
'టి' బటన్ నొక్కాను. హాల్, కిచెన్ ఆగిపోయాయి. బెడ్‌రూమ్ పాయింట్లు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి, అవి ఇన్వర్టర్ మీద ఉన్నవే. డబ్బా మీద 100 అనే ఉంది. ఓనర్‌కి ఫోటో పంపాను, ఆయన చూశారు గానీ ఇంకా ఏమీ అనలేదు. మంచం పక్క సాకెట్లు రెండూ 6, 16 కలిపిన పెద్ద కన్నాలవి. వాటి చోట ఉత్త 6 ఆంపియర్ షట్టర్ సాకెట్ పడుతుందా, ప్లేట్ కూడా మార్చాలా?

కోఠి_వైర్‌మ్యాన్
చాలా సిరీస్‌లలో రెండూ రెండు మాడ్యూళ్లే, అదే ప్లేట్‌లో పడుతుంది. ఫ్రేమ్ తీసి కొలిచి చూసుకోండి. అక్కడ హీటర్ పెట్టే అలవాటుంటే మాత్రం 6కి దించొద్దు, కలిపిన దాంట్లోనే షట్టర్ ఉన్నది అడగండి. ఏది తెచ్చినా అగ్గిపుల్ల పరీక్ష కొట్లోనే చేయండి.