డ్రైనేజీ మెయిన్ లైన్ మూడోసారి జామ్: జెట్టింగ్ చేయించాలా, కెమెరా వేయించాలా?

మిర్యాలగూడ నుంచి:
మాది 30 ఏళ్ల కిందటి ఇల్లు. లెట్రిన్‌లో నీళ్లు పోస్తే బాత్రూమ్ జాలీలోంచి పైకి తన్నుతున్నాయి. ప్లంబర్ వచ్చి చేత్తో తిప్పే స్ప్రింగ్ వేస్తే పోతుంది, ఐదారు వారాలకు మళ్లీ మొదటికే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పక్కింటికి పంపలేను. చాలా టెన్షన్‌గా ఉంది. గట్టి ప్రెషర్‌తో నీళ్లు కొట్టే జెట్టింగ్ బండిని పిలవాలా?

సూర్యాపేట నుంచి:
పిలవండి. మా హోటల్ లైన్ నూనె జిడ్డుతో మూసుకుపోతే జెట్టింగే కాపాడింది. ఒక్కసారి కొట్టించాక మాకు మళ్లీ రాలేదు.

దేవరకొండ నుంచి:
మా సింకు కూడా ఇంతే. యాసిడ్ పోసినా దిగట్లేదు. ఇంకేం పోయాలి?

మహబూబ్‌నగర్ ప్లంబర్:
దేవరకొండ అన్నా, సింకు ఒక్కటే ఆగితే దాని కింద వంపు తిరిగిన ట్రాప్ పైపు విప్పి చూడండి, మెయిన్ లైన్ జోలికి పోవద్దు. యాసిడ్ పోశారని పనివాడికి ముందే చెప్పండి, స్ప్రింగ్ లాగేటప్పుడు అతని మొహం మీద చిందుతుంది.
మిర్యాలగూడ అక్కా, వాకిట్లో చాంబర్ మూత తీస్తే నిండుగా ఉందా? స్ప్రింగ్ ఎన్ని అడుగుల దగ్గర ఆగింది? కొసకు ఏం అంటుకొచ్చింది?

మిర్యాలగూడ:
నిండుగా ఉంది. చాంబర్ నుంచి రోడ్డు వైపు దించితే మూడుసార్లూ 18 అడుగుల దగ్గరే పట్టుకుంది. స్ప్రింగ్‌కు అక్కడ టేపు చుట్టి పెట్టాడు. కొసకు తడిసిన కొబ్బరి పీచులాంటిది వచ్చింది. గోడ అవతల రావిచెట్టు ఉంది.

మహబూబ్‌నగర్ ప్లంబర్:
అవి వేర్లు అక్కా. చాంబర్ నిండిందంటే అడ్డం దాని తర్వాతే ఉంది. ప్రతిసారీ అదే దూరమంటే అక్కడ పైపు అతుకు విడిచి ఉంటుంది. స్ప్రింగ్ వేర్ల మధ్యలో దారి చేస్తుందంతే, పైపు గోడకు పట్టుకున్నవి మళ్లీ పెరుగుతాయి. జెట్టింగ్ జిడ్డుకూ బురదకూ మంచి మందు. కానీ పగిలిన పైపులో గట్టి ప్రెషర్ పెడితే చుట్టూ మట్టి కొట్టుకుపోయి పైపు కుంగుతుంది. ముందు స్ప్రింగ్‌తో నీళ్లు వదిలించి, నాలుగు బకెట్ల మంచినీళ్లు పోసి, అప్పుడు కెమెరా దించండి. నిండిన లైన్‌లో దించితే బురద తప్ప ఏమీ కనిపించదు, డబ్బు దండగ.

సూర్యాపేట:
18 అడుగులని తెలిసాక కెమెరా ఎందుకు? తవ్వేస్తే సరి కదా!

మహబూబ్‌నగర్ ప్లంబర్:
లైన్ తిన్నగా, రెండడుగుల లోతులోనే ఉంటే తవ్వొచ్చు. స్ప్రింగ్ లోపల మెలికలు పడితే మాత్రం టేపు లెక్క తప్పుతుంది. పైగా ఒక్క అతుకే పోయిందా, వరసగా నాలుగు పోయాయా? అది కెమెరాలోనే తేలుతుంది. ఒకటైతే ఆ ముక్క తీసి రబ్బరు రింగు పీవీసీ వేయిస్తే చాలు. ఎక్కువైతే లైనంతా మార్చాలి.

మిర్యాలగూడ:
కెమెరా ఆదివారం పెట్టిస్తాను. కానీ 18 అడుగులంటే మా గేటు దాటి సిమెంటు రోడ్డు కిందికి పోతుంది. రోడ్డు కోయడానికి మున్సిపాలిటీ పర్మిషన్ మీలో ఎవరైనా తీసుకున్నారా?