తోకెముక మీద గడ్డ మళ్లీ మళ్లీ లేస్తోంది: చీము తీయిస్తే చాలా, ఆపరేషన్ తప్పదా?

చీమకుర్తి టిప్పర్:
అన్నలూ, పిర్రల చీలిక మొదలయ్యే చోట, తోకెముక మీద, కొంచెం ఎడమ పక్కకి గడ్డ లేచింది. ఎర్రగా, వేడిగా ఉంది, చెయ్యి తగిలితే ప్రాణం పోతోంది. సీట్లో ఒక పక్కకే ఒరిగి బండి తోలుతున్నా. పోయిన ఎండాకాలం ఇట్టనే వచ్చి దానంతట అదే పగిలింది. సంక్రాంతికి మళ్లీ లేస్తే మా ఊరి డాక్టరు బిళ్లలు ఇచ్చాడు, తగ్గింది. ఇప్పుడు మళ్లీ. కోసి చీము తీయిస్తే చాలని ఒకరు, పెద్ద ఆపరేషన్ చేయించాల్సిందేనని ఒకరు. నా వయసు 24. ఏం చేయమంటారు?

కందుకూరు పిన్ని:
అబ్బయ్యా, అవి మొలలు. డ్రైవర్లందరికీ వచ్చేవే. మా ఆయనకీ ఇట్టనే కూర్చోలేక అల్లాడిపోయాడు. కారం మానెయ్, మజ్జిగ బాగా తాగు, గోరువెచ్చటి నీళ్ల టబ్బులో కూర్చో.

డ్రెస్సింగ్ రూమ్ సిస్టర్, నెల్లూరు:
పిన్నిగారూ, మొలలు ఆసనం దగ్గర వస్తాయి. లూటీ, అంటే ఫిస్టులా అయినా ఆసనం చుట్టుపక్కలే తెరుచుకుంటుంది. ఈ అబ్బాయి చెప్పేది దానికి బాగా పైన, తోకెముక మీద. మజ్జిగకీ దీనికీ సంబంధం లేదు.

తమ్ముడూ, ఇంట్లో మగవాళ్లు ఎవరైనా ఉంటే చీలికను రెండు పక్కలకీ లాగి, ఫోను లైటు వేసి చూడమను. గడ్డని కాదు, సరిగ్గా నడిమి గీతని చూడాలి. అక్కడ సూదిమొనంత గుంట ఒకటో రెండో కనపడతాయి. చెమట గుంటలే అనుకొని వదిలేస్తారు. ఒక్కోదాంట్లోంచి వెంట్రుక కొన బయటికి పొడుచుకొని ఉంటుంది. గడ్డ ఎడమకో కుడికో లేచినా మూలం ఆ నడిమి గుంటలే. దీన్ని పైలోనైడల్ సైనస్ అంటారు, ఇప్పుడు నీకున్నది అది చీము పట్టిన దశ. వాపు మరీ ఎక్కువగా ఉంటే గుంటలు మూసుకుపోయి కనపడకపోవచ్చు, అప్పుడు వాపు తగ్గాక చూడాలి.

మళ్లీ ఎందుకు వస్తుందో నేను రోజూ చూస్తుంటాను. చీము తీశాక పట్టకారుతో లోపల తడిమితే వెంట్రుకల కుచ్చు వస్తుంది, తడిసి, మసకబారి, వేళ్లకు అంటుకుంటూ. లాగేకొద్దీ వస్తూనే ఉంటాయి. విచిత్రం ఏమిటంటే వాటికి కుదుళ్లు ఉండవు. అక్కడ మొలిచినవి కావు. తల నుంచి, వీపు నుంచి రాలి చీలికలోకి జారినవి. చెమటలో నాని, కూర్చొని లేచేటప్పుడు ఒరుసుకొని, ఒక్కొక్కటే చర్మంలోకి దిగుతాయి. చీము పోయినా వెంట్రుక లోపల మిగిలితే, గుంట అట్టే ఉంటే, కథ మళ్లీ మొదలు.

కనిగిరి ఎక్స్ సర్వీస్‌మన్:
మా మిలిటరీలో దీన్ని జీపు జబ్బు అనేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు వేలమంది ఇదే గడ్డతో ఆసుపత్రుల్లో పడ్డారు, గతుకుల్లో జీపుల మీద తిరిగి తిరిగి. కాబట్టి ఈ కుర్రాడికి మందు ఒక్కటే: టిప్పరు దిగెయ్యడం. వారానికోసారి అక్కడ బ్లేడు పెట్టి నున్నగా గీయించుకోవడం. ఆపరేషన్లు ఏమీ అక్కర్లేదు.

రిటైర్డ్ సర్జన్, ఒంగోలు:
జీపు జబ్బు మాట నిజమే. అయితే జీపు ఎక్కని వాళ్లకీ వస్తుంది. మంగలి పని చేసేవాళ్లకి వేళ్ల సందుల్లో ఇదే జబ్బు వస్తుంది, కత్తిరించిన జుట్టు ముక్కలు గుచ్చుకొని. అంటే అసలు దోషి వెంట్రుక. కూర్చోవడం, గతుకులు, చెమట దానికి తోడవుతాయి. సైనస్ లోంచి తీసిన వెంట్రుకల్ని పరిశీలించిన వాళ్లకి చాలావరకు పొట్టిగా, కొన వాడిగా తెగినవే కనపడ్డాయి. అందుకే క్రాఫు చేయించుకున్న వెంటనే తలస్నానం చేసి, వీపు, నడుము కింద బాగా కడుక్కోమని చెప్తాను. టిప్పరు దిగమని చెప్పను, దిగితే ఇల్లు గడవదు.

ఇక బిళ్లల సంగతి. బాబూ, సంక్రాంతికి తగ్గింది బిళ్లల వల్లే అని గట్టిగా చెప్పలేం. చీము గూడు కట్టాక దాని లోపలికి రక్తం అందదు, రక్తంతో పాటు వెళ్లే మందూ అందదు. చుట్టూ ఎరుపు పాకుతుంటే, జ్వరం ఉంటే, షుగరు ఉంటే బిళ్లలు అవసరమే, కానీ అవి కోతకు బదులు కావు. ఈసారి గడ్డ మీద వేలు పెడితే మెత్తగా, లోపల నీరు ఆడినట్టు ఉందా? ఉంటే చీము పక్వానికి వచ్చినట్టే. పిసకవద్దు, సూదితో పొడవద్దు.

కావలి కుర్రోడు:
డాక్టరుగారు పెద్దవారు, ఏమీ అనుకోవద్దు. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నా. మొత్తం తీసేశామన్నారు, కుట్లు వేశారు. కుట్లు విప్పిన కొద్ది రోజులకే గాయం కింది కొస విచ్చుకుంది, ఇప్పటికీ బనీను గుడ్డ పెట్టుకొని తిరుగుతున్నా. డబ్బులు దండగ. దానికన్నా చీము తీయించుకుంటూ బతకడమే మేలు.

రిటైర్డ్ సర్జన్, ఒంగోలు:
ఒకటి అడుగుతాను. నీ మచ్చ సరిగ్గా నడిమి గీత మీద, నిలువుగా ఉందా?

కావలి కుర్రోడు:
అవును సార్. పైనుంచి కిందికి, గీత గీసినట్టు.

రిటైర్డ్ సర్జన్, ఒంగోలు:
అనుకున్నాను. వచ్చిన చిక్కు ఆపరేషన్ చేయించడంలో లేదు, కుట్టు ఎక్కడ పడిందనే దాంట్లో ఉంది. చీలిక అడుగు చీకటి, చెమట, గాలి ఆడదు, కూర్చుంటే రెండు పక్కలకీ సాగుతుంది. అక్కడే కుట్టు పెడితే మానదు, మానినా ఆ మచ్చలోకే వెంట్రుకలు మళ్లీ దిగుతాయి. నడిమిన కుట్టిన వాటిలో చీము పట్టడం, తిరగబెట్టడం ఎక్కువని, పక్కకు జరిపి కుట్టిన వాటిలో తక్కువని పోల్చి చూసిన పరిశీలనలు చెప్తున్నాయి.

గ్రీసు మిలిటరీ సర్జన్ కరిడాకిస్ పెట్టిన పద్ధతి ఇదే. గుంటలున్న చర్మాన్ని తీసేసి, ఒక పక్క చర్మాన్ని అడుగు కొవ్వుతో సహా కదిలించి, కుట్టు గీతను నడిమి నుంచి పక్కకు తెస్తారు. చీలిక లోతు కూడా తగ్గుతుంది. లింబర్గ్ ఫ్లాప్ అయితే పక్కనుంచి చర్మం ముక్కని తిప్పి పెడతారు. నీకూ ఇలాంటిది చేయవచ్చు, ఒకసారి చెడిందని దారి మూసుకుపోదు. డాక్టరు దగ్గర అడగాల్సింది ఒక్కటే: "సార్, కుట్టు నడిమిన వేస్తారా, పక్కకు వేస్తారా?"

డ్రెస్సింగ్ రూమ్ సిస్టర్, నెల్లూరు:
సార్, నేను ఒప్పుకోను. కుట్టకుండా తెరిచి వదిలేస్తే అడుగు నుంచి నిండుకుంటూ వస్తుంది, తిరగబెట్టడమూ తక్కువే. ఫ్లాపు కింద నీరు చేరి, అంచు నల్లబడి మా గదికి వచ్చినవాళ్లనీ చూశాను.

రిటైర్డ్ సర్జన్, ఒంగోలు:
తెరిచి వదిలితే మానుతుందమ్మా, కాదనను. కానీ రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రోజూ డ్రెస్సింగు. ఆ రెండు మూడు నెలలూ ఈ అబ్బాయికి జీతం ఎవరిస్తారు? పక్క కుట్టుకి సాధారణంగా రెండు వారాలకు కుట్లు తీస్తారు, తర్వాత ఇంకొన్నాళ్లు ఎక్కువసేపు కూర్చోకుండా చూసుకోవాలి. సిగరెట్ ఉంటే మాత్రం మీరు చెప్పిన నల్లబడటం జరిగే అవకాశం పెరుగుతుంది.

చీమకుర్తి టిప్పర్:
మా తమ్ముడు ఫోటో తీశాడు. నడిమి గీత మీద రెండు గుంటలు ఉన్నాయి, ఒకదాంట్లో నల్లగా ఏదో కనపడుతోంది. గడ్డ మెత్తబడింది. రాత్రి ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. సిగరెట్ ఉంది సార్, రోజుకి నాలుగైదు. ఇప్పుడే ఒకేసారి ఆపరేషన్ చేయించుకోవచ్చా, ఒక్క సెలవుతో పోతుంది?

రిటైర్డ్ సర్జన్, ఒంగోలు:
ఇప్పుడు కాదు. వాచి ఎర్రబడిన చర్మాన్ని కదిలించి కుట్టినా కుట్టు నిలవదు. ఎంతవరకు తీయాలో హద్దు కూడా తెలియదు. రేపే రిమ్స్ సర్జరీ ఓపీకి పో, లేకపోతే దగ్గర్లో సర్జన్ ఎవరైనా సరే. మత్తు సూది వేసి నడిమి గీత తప్పించి పక్కన కోసి చీము తీయమని, లోపలి వెంట్రుకలు కూడా లాగేయమని అడుగు. ఆ కోత సాధారణంగా కొన్ని వారాల్లో పూడుతుంది. రోజూ స్నానంలో నీళ్లు ధారగా పోసి కడుగు, గుడ్డని గట్టిగా కుక్కనివ్వకు.

మొదటిసారి వచ్చినవాళ్లయితే ఇంతటితో ఆగి చూడమంటాను. చాలామందికి మళ్లీ రాదు, చాలామందికి వస్తుంది కూడా. ముందే ఎవరికి అని చెప్పలేం. నీకు ఇప్పటికే పలుమార్లు వచ్చింది, గుంటలూ కనపడుతున్నాయి. కాబట్టి వాపు పూర్తిగా దిగాక, నెలా నెలన్నర తర్వాత, పక్క కుట్టు ఆపరేషన్‌కి తేదీ పెట్టుకో. అప్పటికి సిగరెట్ మానెయ్. గుంటలు చిన్నవే, వాటి నుంచి చర్మం కింద పక్కకి పోయే దారి పొట్టిదే అయితే ఆ గుంటల వరకే చిన్నగా తొలిచి తీసేస్తే సరిపోవచ్చు. అది చేత్తో చూసినవాళ్లు తేల్చాలి.

కనిగిరి ఎక్స్ సర్వీస్‌మన్:
మరి బ్లేడు సంగతి తేల్చలేదు మీరు.

రిటైర్డ్ సర్జన్, ఒంగోలు:
గాయం మానేదాకా చుట్టూ వెంట్రుక తీయాల్సిందే. ఆ తర్వాత ఏళ్ల తరబడి బ్లేడు వాడినవాళ్లలో తిరగబెట్టడం ఎక్కువగా కనపడిందని ఒక పరిశీలన ఉంది. గీసిన కొన వాడిగా ఉంటుంది కదా, నాకూ అదే అనుమానం. డబ్బుంటే లేజరుతో వెంట్రుకలు తీయించుకోవడం నయం, దానికీ నాలుగైదుసార్లు తిరగాలి.

డ్రెస్సింగ్ రూమ్ సిస్టర్, నెల్లూరు:
నా దగ్గరికి గాయంలో వెంట్రుకలు పడి వచ్చేవాళ్లు గీసుకోనివాళ్లే సార్. బ్లేడు వద్దంటే కనీసం ట్రిమ్మరు. ఇది మనిద్దరికీ తేలేట్టు లేదు.

తమ్ముడూ, రేపటిదాకా ఆగేటప్పుడు చలి పెట్టి జ్వరం పెరిగినా, ఎరుపు నడుము వైపు పాకినా రాత్రే క్యాజువాలిటీకి పో. ఓపీలో షుగరు కూడా చూపించుకో, ఇరవై నాలుగేళ్లకి ఏముంటుందిలే అనుకోకు.

కావలి కుర్రోడు:
సార్, పక్కకు కుట్టే పద్ధతి చేసేవాళ్లు నెల్లూరులో ఉన్నారా, ఒంగోలుకే రావాలా?

రిటైర్డ్ సర్జన్, ఒంగోలు:
నెల్లూరు పెద్దాసుపత్రి సర్జరీ విభాగంలో ముందు అడుగు. ఈ ఆపరేషన్లు తరచుగా చేసేవాళ్లు ఎవరో అక్కడే చెప్తారు. మచ్చ ఫోటో, పాత డిశ్చార్జి కాగితం వెంట తీసుకుపో.