టికెట్ల హోల్డ్ రేపు మధ్యాహ్నం వరకే: బృందం ఏ రోజు బయలుదేరాలి?

మాధవి, రాత్రి 9:10
అందరికీ నమస్కారం. మన కచేరీకి ఇండియా నుంచి వచ్చే ఏడుగురు సంగీతకారుల టికెట్ల హోల్డ్ రేపు పన్నెండుకి పోతుంది. ఇప్పుడు పట్టి ఉంచింది ఇది: గురువారం రాత్రి 8కి హైదరాబాద్ నుంచి ముంబై, అక్కడ 1:30కి ఇక్కడికి విమానం, శుక్రవారం మధ్యాహ్నం 2కి దిగుతారు. కార్యక్రమం శనివారం సాయంత్రం 5కి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి. మిగతా పనులు: పోస్టర్ కిరణ్, సౌండ్ శ్రీధరన్న, బ్యాడ్జీలు లావణ్య, పార్కింగ్ ఎవరైనా చెయ్యెత్తండి.

రామకృష్ణ, 9:24
నాకు అభ్యంతరం ఉందమ్మా. జూలై ఆఖర్లో ముంబై మీదుగా, అదీ రెండు విడివిడి టికెట్ల మీద. మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్లకు సంబంధం ఉండదు. వాళ్ల లెక్కలో మనవాళ్లు రాలేదు, అంతే. అదే టికెట్‌లో ఉన్న తిరుగు ప్రయాణం కూడా రద్దయిపోతుంది. పైగా సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చెయ్యాలి. డొమెస్టిక్ విమానాలు కొన్ని టీ1లో దిగుతాయి, ఇంటర్నేషనల్ టీ2. వానలో రోడ్డు మీద తిరగాలి. నాలుగు గంటలు చూడ్డానికే ఎక్కువ.

కిరణ్, 9:31
బాబాయ్, వాన ఒక పూట కురుస్తుంది, తగ్గాక అన్నీ ఎగురుతాయి. శుక్రవారం దిగుతున్నారు కదా, ఒక రోజు బఫర్ ఉన్నట్టే.

రామకృష్ణ, 9:48
వాన ఒక పూటదే, నిజం. దాని తర్వాత పేరుకునేదే మనల్ని ముంచుతుంది. ముంబైలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, ఒకసారి ఒకదాన్నే వాడగలరు. 2019 జూలై 1 రాత్రి వానలో ఒక విమానం మెయిన్ రన్‌వే దాటి మట్టిలో దిగబడింది. దాన్ని లాగి రన్‌వే తెరిచేసరికి దాదాపు నాలుగు రోజులు. చిన్న రన్‌వే మీద నడిపారు కానీ ఎన్నో విమానాలు రద్దయ్యాయి. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మి.మీ. కురిసింది, ఎయిర్‌పోర్టు ముప్పై గంటలు దాటి మూసేశారు. అంతటివి అరుదే. మామూలు రోజున జరిగేది వేరు: దగ్గర్లో పిడుగులు పడుతుంటే సామాను ఎక్కించేవాళ్లనీ, ఇంధనం పట్టేవాళ్లనీ ఆపేస్తారు. ఆకాశంలో తిరిగిన విమానం ఇంధనం చాలక ఇంకో ఊళ్లో దిగుతుంది. ఈలోగా పైలట్ల డ్యూటీ గంటలు అయిపోతాయి, కొత్త సిబ్బంది రావాలి. వాన తగ్గిన తర్వాత రద్దులు మొదలయ్యేది ఇందుకే.

ఇక సీట్లు చూడండి. 300 సీట్ల విమానంలో 270 మంది ఉన్నారనుకోండి. అది రద్దయింది. రోజుకి ఒకటే విమానం, రేపటి దాంట్లో ఖాళీ ముప్పై. ఆ లెక్కన అందరూ కదలడానికి తొమ్మిది రోజులు. కొందరు డబ్బు వెనక్కి తీసుకుంటారు, కొందర్ని వేరే విమానాల్లో పంపుతారు కాబట్టి నిజానికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. కానీ ఒకే పీఎన్ఆర్‌లో ఏడుగురంటే ఏడు సీట్లూ ఒకేచోట దొరకాలి. అందరికన్నా వెనక మిగిలేది అలాంటి బృందాలే.

లావణ్య, 9:55
మా అమ్మగారి విమానం కూడా పోయిన ఏడాది వానకి రద్దయింది, పరిహారం ఇవ్వలేమన్నారు. మనం ముందే కంప్లైంట్ రాసి పెట్టుకుంటే?

రామకృష్ణ, 9:58
వాతావరణం వల్ల రద్దయితే పరిహారం ఉండదు లావణ్యా. వేరే విమానం గానీ డబ్బు వాపసు గానీ అడగొచ్చు. మన ప్రశ్న శనివారానికి మనుషులు ఉంటారా అన్నది.

శ్రీధర్, 10:06
చెప్పడానికి బాగానే ఉంది. బుధవారం దింపితే హోటల్ రెండు రాత్రులు అదనం, నాలుగు గదులు, అంటే ఎనిమిది గది-రాత్రులు. స్పాన్సర్‌షిప్ ఇంకా సగమే వచ్చింది. ఆ డబ్బు నా దగ్గర లేదు.

కిరణ్, 10:09
అందుకే హాలువాళ్లని ఆదివారం స్టాండ్‌బైగా అడిగాను. కుదరదన్నారు. తేదీ మార్పూ లేదు, వాపసూ లేదు.

రామకృష్ణ, 10:11
మరి టికెట్ల డబ్బూ, హాలు డబ్బూ రెండూ పోతే పర్వాలేదా?

శ్రీధర్, 10:12
నేను ఖర్చు అడిగితే కార్యక్రమం వద్దన్నట్టు మాట్లాడకండి. రేపు ఆడిట్‌లో జవాబు చెప్పేది నేను.

మాధవి, 10:20
ఇద్దరూ కాస్త ఆగండి. లిస్టు పక్కన పెడదాం. రామకృష్ణగారూ, తక్కువలో తక్కువ ఎంత ముందు రావాలి?

రామకృష్ణ, 10:41
శ్రీధర్, మాట జారింది, ఏమనుకోకు. రోజులు కాకుండా, మొదటిది పోతే వెనకాల అందుకోగలిగిన విమానాలెన్నో లెక్కపెట్టండి. ఇప్పటి ప్లాన్‌లో ఒక్కటే మిగులుతుంది. అది శనివారం మధ్యాహ్నం 2కి దింపుతుంది. సౌండ్‌చెక్ 11కి అయిపోయి ఉంటుంది, సామాను ఆ విమానంలోనే వస్తుందన్న నమ్మకం లేదు. అంటే చేతిలో ఉన్నది సున్నా. బుధవారం రాత్రి బయలుదేరితే భద్రంగా ఒకటి మిగులుతుంది, మంగళవారం రాత్రి అయితే రెండు. వానాకాలంలో రోజుకొకటే ఉన్న దారికి నేను రెండు పెట్టుకుంటాను. రోజుకి మూడు నాలుగు విమానాలు ఉన్న దారైతే ఒక రోజు చాలు.

కిరణ్, 10:47
అయితే గల్ఫ్ మీదుగా పంపితే? ఎడారి కదా, వాన బాధే ఉండదు.

రామకృష్ణ, 10:55
దారి మంచిదే. హైదరాబాద్ నుంచి నేరుగా, ఒకే టికెట్, అక్కడ నుంచి ఇక్కడికి రోజుకి మూడు. కారణం మాత్రం అది కాదు: 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లోనే వానకి విమానాలు రోజుల తరబడి చెదిరాయి. జూలైలో అక్కడ అలాంటిది అరుదు, అంతవరకే.

శ్రీధర్, 11:02
ఏడుగురికీ ఆ ఛార్జీ పెట్టలేం. ముగ్గురికైతే పెట్టొచ్చు.

మాధవి, 11:10
అయితే ముగ్గుర్ని ముందు రప్పిద్దాం. గాయని, కీబోర్డు, తబలా. మిగతావాళ్లు రాకపోయినా ఆ ముగ్గురితో రెండు గంటలు నడుస్తుంది. వారం ముందే పిలుద్దామా?

రామకృష్ణ, 11:16
వీసా బుధవారం నుంచే చెల్లుతుంది, మన ఆహ్వాన లేఖలో ఆ తేదీనే రాశాం. మంగళవారం రాత్రి బయలుదేరి బుధవారం దిగడమే గరిష్ఠం. మిగతా నలుగురు బుధవారం రాత్రి ముంబై మీదుగా రావచ్చు. కానీ ఆ రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉండాలి, హైదరాబాద్ నుంచి మధ్యాహ్నమే కదలాలి. ఇద్దరిద్దరిగా రెండు పీఎన్ఆర్‌లు చేయండి. తబలా జతలో కుడిది చేతిసామానులో, ఒక జత బట్టలు కూడా.

లావణ్య, 11:20
బుధ, గురువారాలు ముగ్గురూ మా ఇంట్లో ఉంటారు. పై గది ఖాళీ.

శ్రీధర్, 11:24
అలాగైతే ఆ నలుగురికి గురువారం రెండు గదులు చాలు, అదనం రెండు గది-రాత్రులే. ఇస్తాను.

కిరణ్, 11:31
వయొలిన్ ఆయన మెసేజ్ పెట్టారు. బుధవారం సాయంత్రం ఆరు దాకా ఆఫీసు, సెలవు దొరకలేదట. మధ్యాహ్నం విమానం అందుకోలేరు.

రామకృష్ణ, 11:38
ఆయన్ని ఒంటరిగా రాత్రి విమానంలో వెయ్యొచ్చు, అదీ ఒకే టికెట్ మీదే. ఒక్క సీటే కాబట్టి తర్వాతి దాంట్లో దొరకడం కొంత తేలిక. ఆయన వాయించే పాటల ట్రాకులు సోమవారంలోగా శ్రీధర్‌కి పంపించమనండి, రాకపోతే వేసుకుందాం. బీమాలో కనెక్షన్ తప్పితే డబ్బిస్తారా లేదా అన్నది పాలసీ చదివితే గానీ చెప్పలేను.

మాధవి, 11:45
పాలసీ నేను చదువుతాను. ముంబైకి రెడ్ అలర్ట్ వస్తే ఏం చేయాలి?

రామకృష్ణ, 11:52
విమానం రద్దయ్యేదాకా ఆగొద్దు. అలర్ట్ రాగానే కొన్ని విమాన సంస్థలు ఉచితంగా తేదీ మార్చుకోనిస్తాయి, అప్పటికి సీట్లు ఇంకా ఉంటాయి. బుధవారం పొద్దున్నే వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి, మన విమానం అప్పుడు ఏ ఊళ్లో ఉందో ట్రాకర్‌లో చూడండి. అది రావాల్సిన ఊరి నుంచి కదలకపోతే మనది కూడా కదలదు. అప్పుడే కౌంటర్‌కి ఒకరు, ఫోన్‌కి ఒకరు.

శ్రీధర్, 11:58
కార్డు రేపు పది గంటలకి మాధవి దగ్గర ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్న పేర్లే వెయ్యండి, తబలా ఆయన ఇంటిపేరు పోయినసారి రెండు రకాలుగా పడింది.