మాట లేకుండా వచ్చిన రెండు సీలింగు ఫొటోలు: ఏమని జవాబివ్వాలి?

దిల్‌సుఖ్‌నగర్ ఉద్యోగి: మిద్దె లీకేజీలు బాగుచేసే చిన్న సంస్థలో పనిచేస్తాను. ఫిబ్రవరిలో ఉప్పల్‌లో ఒక ఇంటి పని చేశాం. నిన్న, జూలై వానల మధ్య, ఆ ఇంటివారు వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపారు. ఒక్క మాట కూడా రాయలేదు. మొదటిదాంట్లో పడకగది సీలింగు, ఫ్యాను పక్కన గోధుమరంగు మరక. రెండోదాంట్లో రంగు వేశాక అదే చోటు, దగ్గరగా తీసింది. మెచ్చుకుంటున్నారా, ఫిర్యాదు చేస్తున్నారా? ఏమి పోల్చి చెప్పమంటున్నారు?

మల్కాజ్‌గిరి పెయింటరు: పాత పుట్టీ గీకేసి, ప్రైమరు వేసి, రెండు కోట్లు వేయించండి. సీలింగుకు మ్యాట్ రంగు బాగుంటుంది.

దిల్‌సుఖ్‌నగర్ ఉద్యోగి: ఏ రంగు వేయాలన్నది కాదండీ. వారికి ఏమని జవాబు రాయాలన్నది నా ప్రశ్న.

సైనిక్‌పురి ఇంజనీరు: ఫొటో తీసిన తీరులోనే సగం ప్రశ్న ఉంటుంది. పని నచ్చినవారు గది మొత్తం కనిపించేలా వెనక్కి జరిగి తీస్తారు. ఎంత మారిందో చూపించాలనుకునేవారు మొదట నిలబడిన చోటే నిలబడి తీస్తారు. మరక దగ్గరికే వెళ్లి తీశారంటే వారికి అక్కడ ఏదో కనిపించింది. రెండో ఫొటోను పెద్దది చేసి చూడండి.

దిల్‌సుఖ్‌నగర్ ఉద్యోగి: చూశాను. ఫ్యాను వైపు వంపు తిరిగిన లేత పసుపు గీత ఉంది. నిన్న గమనించనే లేదు.

తార్నాక గృహిణి: నాకు సరిగ్గా ఇలాగే జరిగింది. పోయిన ఏడాది మా బాత్‌రూమ్ గోడ ఫొటోలు రెండు కాంట్రాక్టరుకు పంపాను. ఉబ్బు మళ్లీ మొదలైందని చెప్పాలనుకున్నాను, టైపు చేసే ఓపిక లేదు. ఆయన "ధన్యవాదాలు మేడమ్" అని నమస్కారం బొమ్మ పెట్టారు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ మరచిపోలేదు.

అమీర్‌పేట ఫొటోగ్రాఫరు: అయినా తొందరపడకండి. ఫోను కెమెరా వెలుతురును తానే సరిచేస్తుంది. ట్యూబ్‌లైటు కింద కనిపించే తెలుపు వేరు, పగటిపూట కనిపించే తెలుపు వేరు. ఆ పసుపు వెలుతురు వల్ల వచ్చిందే కావచ్చు. ఫొటో వివరాలు తెరిస్తే తీసిన తేదీ దొరుకుతుంది, ముందు అది చూడండి.

సైనిక్‌పురి ఇంజనీరు: రంగును నమ్మకూడదన్న మాట నిజమే. తేదీ మాత్రం దొరకదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపితేనే మిగులుతాయి. కాబట్టి రంగును వదిలి మరక అంచును పోల్చాలి. ఇంకిన నీరు తనలో కరిగినవాటిని అంచుదాకా మోసుకెళ్లి అక్కడ ఆరిపోతుంది. ఆ గోధుమ గీత అలా ఏర్పడుతుంది. మరకను ఆపే ప్రైమరు లేకుండా నీటితో కలిపే రంగు వేస్తే పాత మరకే కొద్ది రోజుల్లో పైకి ఊరుతుంది. అప్పుడు గీత పాత హద్దు దాటదు. నీరు కొత్తగా దిగుతుంటే హద్దు దాటుతుంది, రంగు కూడా ఉబ్బవచ్చు. ఫ్యాను కొక్కేన్ని మూసే గిన్నె రెండు ఫొటోల్లోనూ కనిపిస్తే దాన్నే కొలబద్దగా వాడండి.

దిల్‌సుఖ్‌నగర్ ఉద్యోగి: కనిపిస్తోంది. మొదటి ఫొటోలో మరక అంచు గిన్నెకు సుమారు రెండు గిన్నెల దూరంలో ఉంది. రెండోదాంట్లో ఒకటిన్నర.

అమీర్‌పేట ఫొటోగ్రాఫరు: ఒకటి దూరం నుంచి ఏటవాలుగా, ఇంకొకటి దగ్గరగా తీసినవి. ఆ అర గిన్నె తేడా కోణం వల్లే రావచ్చు. నన్నడిగితే "ఏమి కావాలండీ?" అని అడగడమే మర్యాద.

తార్నాక గృహిణి: అలా అడిగితే ఫొటోలు చూడనే లేదనుకుంటాం. మీకు కనిపించింది ముందు చెప్పి, తర్వాత అడగండి.

సైనిక్‌పురి ఇంజనీరు: కోణం సంగతి ఒప్పుకుంటాను, అర గిన్నెతో తీర్పు చెప్పలేం. కానీ అడగవలసింది "ఏమి కావాలి" అని కాదు, "ఈ గీత వానలకు ముందే ఉందా, తర్వాత వచ్చిందా" అని. ఫిబ్రవరిలో రంగు వేసిన వారం పది రోజులకే కనిపించి ఉంటే పాత మరక. ఎండాకాలమంతా తెల్లగా ఉండి జూలైలో వస్తే మిద్దె మీద అనుమానం.

దిల్‌సుఖ్‌నగర్ ఉద్యోగి: ఇలా పంపాను: "ఫ్యాను వైపు పసుపు గీత చూశాం. లీకేజీ మళ్లీ మొదలైందా అని అడుగుతున్నారనుకుంటున్నాం. ఇది వానలకు ముందే ఉందా?" పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "అవునండీ, అదే మా భయం. మార్చిలోనే కొంచెం ఉన్నట్టు గుర్తు. ఇప్పుడు పెరిగిందని మా అత్తగారు అంటున్నారు."

అమీర్‌పేట ఫొటోగ్రాఫరు: చూశారా, ఇంట్లోవారికే స్పష్టంగా తెలియదు.

సైనిక్‌పురి ఇంజనీరు: అయితే ఇక ఫొటోలతో తేలదు. ఇవాళే గీత అంచు వెంట పెన్సిలుతో గుర్తు పెట్టమనండి. వాన తెరిపి ఇచ్చాక మిద్దె మీద నీరు బయటికి పోయే గొట్టాలు మూసి, అంగుళం లోతు నీరు 48 గంటలు నిలబెట్టి, గీత పెన్సిలు గుర్తు దాటిందేమో చూడండి.