రెగ్యులర్ ప్లాన్‌లో ఉన్నందుకు నాకు పోయింది ఎంత? లెక్క ఎలా కట్టాలి?

కొత్తమదుపరి: ఐదేళ్ల క్రితం ఒక ఈక్విటీ ఫండ్ రెగ్యులర్ గ్రోత్‌లో 2 లక్షలు ఒకేసారి పెట్టాను. అప్పుడు ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, 40, ఇప్పుడు 72. అదే ఫండ్‌లో ఏజెంటు కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఎన్ఏవీ ఇప్పుడు 80.14. ఖర్చుల తేడా వల్ల నాకు పోయింది ఎంత?

సూటిమాట: ఇందులో ఏముందండీ. మీ దగ్గర 5,000 యూనిట్లున్నాయి, యూనిట్‌కి తేడా 8.14. అంటే 40,700 పోయాయి. వెంటనే డైరెక్ట్‌కి మారిపోండి.

పద్దులపిచ్చి: తేడా ఉన్నమాట నిజమే కానీ అదంతా ఈయన జేబులోంచి పోలేదు. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి 1న మొదలయ్యాయి. పాత ఫండ్లలో అప్పట్నుంచీ రోజూ కాస్త కాస్త తేడా పేరుకుంటూ వచ్చింది. ఈయన కొనేనాటికే డైరెక్ట్ యూనిట్ ఖరీదు ఎక్కువ, కాబట్టి అదే డబ్బుకి యూనిట్లు తక్కువ వచ్చేవి. ఫండ్ సంస్థల సంఘం యాంఫీ సైట్‌లో పాత ఎన్ఏవీలు దొరుకుతాయి. మీరు కొన్న తేదీకి డైరెక్ట్ ఎంతుందో చూసి చెప్పండి.

కొత్తమదుపరి: చూశాను, 42.40.

పద్దులపిచ్చి: అయితే 2 లక్షలకి డైరెక్ట్‌లో దాదాపు 4,717 యూనిట్లు వచ్చేవి. ఈ రోజు వాటి విలువ సుమారు 3,78,000. మీ దగ్గరున్నది 3,60,000. పోయింది 18,000 చిల్లర.

యూనిట్ల జోలికి పోకుండా ఇంకోలా కూడా చూడొచ్చు. డైరెక్ట్ ఎన్ఏవీని రెగ్యులర్‌తో భాగిస్తే కొన్ననాడు 1.06, ఈ రోజు 1.113. ఆ నిష్పత్తి 5 శాతం పెరిగింది, అంటే ఏడాదికి సుమారు 0.98 శాతం. మీ భారం అదే. రెండు ప్లాన్ల వెనకా ఉన్న షేర్లు ఒకటే కాబట్టి ఈ నిష్పత్తి మార్కెట్‌తో పాటు ఎగిరి పడదు, నెమ్మదిగా పైకి పాకుతుంది. ఏదో ఒక రోజు గబుక్కున గెంతిందంటే మీరు గ్రోత్ పక్కన డివిడెండ్ పంచే ఐడీసీడబ్ల్యూ ఎన్ఏవీ పెట్టి ఉంటారు, లేదా తేదీ తప్పి ఉంటుంది.

సూటిమాట: సరే, 40 వేలు తప్పే. కానీ ఇంత కష్టమెందుకు? వెబ్‌సైట్‌లో రెండు ప్లాన్ల ఖర్చు నిష్పత్తి ఉంటుంది. తేడా 1 శాతం అనుకుంటే 2 లక్షల మీద ఐదేళ్లకి 10,000.

పద్దులపిచ్చి: ఆ ఖర్చు మీరు పెట్టిన 2 లక్షల మీద కోయరు, ఆ రోజు విలువ ఎంతుంటే దాని మీద కోస్తారు. డబ్బు పెరిగేకొద్దీ కోతా పెరుగుతుంది. పోయిన డబ్బు మీద రావాల్సిన లాభం కూడా పోతుంది. పైగా ఈ రోజు కనిపించే తేడాయే ఐదేళ్లూ ఉందన్న గ్యారంటీ లేదు, మధ్యలో మారుస్తుంటారు. ఆ మార్పులన్నీ ఎన్ఏవీలోనే కలిసిపోయి ఉంటాయి.

రిటైర్డ్‌మాస్టారు: నాది నెలనెలా సిప్. పన్నెండేళ్ల కిందటి మొదటి ఎన్ఏవీతో లెక్క కడితే చాలా పెద్ద అంకె వచ్చి టెన్షన్ పట్టుకుంది. అయినా మా ఏజెంటు నా భార్య నామినీ మార్పు, బ్యాంకు మార్పు అన్నీ తనే తిరిగి చేసిపెట్టాడు. దాన్ని ‘పోయింది’ అనడం న్యాయమా?

పద్దులపిచ్చి: మాస్టారూ, మీ చివరి వాయిదాలకి ఆ భారం ఇంకా తగల్లేదు, కాబట్టి మొదటి తేదీతో మొత్తానికి కట్టకూడదు. స్టేట్‌మెంట్‌లో ఒక్కో వాయిదా ఒక్కో వరుస. B లో యూనిట్లు, C లో ఆనాటి రెగ్యులర్ ఎన్ఏవీ, D లో ఆనాటి డైరెక్ట్ ఎన్ఏవీ, F1 లో ఈ రోజు డైరెక్ట్ ఎన్ఏవీ వేసి:

```
=B2*C2/D2*$F$1
```

అన్నీ కూడి, మీ ఇప్పటి విలువ తీసేయండి. ఇక న్యాయం సంగతి, వచ్చిన అంకె ఆ సేవకి మీరిచ్చిన ఫీజు. ఎక్కువో తక్కువో మీరే చెప్పాలి.

గుంటూరుకారం_తక్కువ: ఆరు నెలలకోసారి వచ్చే క్యాస్ అనే ఉమ్మడి స్టేట్‌మెంట్‌లో డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లిన కమిషన్ రూపాయల్లోనే ఉంటుంది కదా. అవి కూడుకుంటే సరిపోదా?

పద్దులపిచ్చి: సరిచూసుకోడానికి పనికొస్తుంది. కానీ ఆ డబ్బు మీ దగ్గరే ఉంటే వచ్చే పెరుగుదల అందులో ఉండదు, అందుకే మొత్తం తక్కువ కనిపిస్తుంది.

కొత్తమదుపరి: మరి ఇప్పుడు మారాలా?

పద్దులపిచ్చి: మారడమంటే అమ్మి కొనడమే. మీ లాభం 1,60,000. ఈ ఏడాది వేరే లాభాలు లేకపోతే 1,25,000 దాటిన 35,000 మీద 12.5 శాతం, అంటే సెస్ కాక 4,375 పన్ను. మారకపోతే ఏడాదికి సుమారు 3,500 పోతుంది. సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో మారిస్తే పన్నే పడదు. కాకపోతే కొత్త యూనిట్లకి, త్వరగా అమ్మితే కోసే ఎగ్జిట్ లోడ్ గడువు మళ్లీ మొదలవుతుంది.

గుంటూరుకారం_తక్కువ: ఒక్క సందేహం. ఆ 18,000 డైరెక్ట్‌లో వచ్చి ఉంటే, అమ్మేటప్పుడు దాని మీదా పన్ను పడేదేగా? అప్పుడు అసలు నష్టం 15,750 అనాలి.

సూటిమాట: ఎప్పుడు అమ్ముతారో తెలియకుండా పన్ను ఎలా తీసేస్తారు? ఏటా మినహాయింపులో పడేలా అమ్ముకునేవాడికి అది 18,000 కిందే లెక్క.