జీతం స్లిప్పు టీమ్ గ్రూపులో పడింది: తొలగించి ఊరుకోవాలా, నోరు విప్పి చెప్పాలా?

మాదాపూర్ ఉద్యోగిని, రాత్రి 11:05
గృహ రుణం కోసం మా వారికి పంపాల్సిన పే స్లిప్పు, 10:40కి మా టీమ్ వాట్సాప్ గ్రూపులో పడింది. పదిహేడు మందిమి ఉంటాం. కంగారులో Delete for me నొక్కాను. ఇప్పుడు నాకు కనిపించడం లేదు, వాళ్లకు కనిపిస్తోంది. ఇద్దరు చూసేసి ఉంటారు. ఏం చేయాలి? రేపు ఆఫీసులో ఈ మాట నేనే ఎత్తాలా?

కూకట్‌పల్లి వాసి, 11:09
ముందు ఆ గ్రూపు నుంచి బయటకు వచ్చేయండి. తర్వాత వాట్సాప్ తీసేసి మళ్లీ పెట్టుకుని బ్యాకప్ తెచ్చుకుంటే పోయిన సందేశం తిరిగి కనిపిస్తుంది. అప్పుడు Delete for everyone నొక్కవచ్చు.

నల్లగండ్ల, ఐటీ సపోర్టు, 11:14
అమ్మా, దయచేసి ఈ రెండూ చేయకండి. గ్రూపు నుంచి బయటకు వచ్చినంత మాత్రాన మీరు పంపినది పోదు, పైగా దాన్ని తొలగించే అవకాశం మీ చేతిలోంచి పూర్తిగా జారిపోతుంది. ఇక బ్యాకప్ సాధారణంగా తెల్లవారుజామున జరుగుతుంది కాబట్టి మీ చివరి బ్యాకప్ ఈ 10:40 కంటే ముందుదే అయి ఉంటుంది. అందులో ఈ సందేశం ఉండదు సరికదా, ఈరోజు జరిగిన మిగతా సంభాషణలు కూడా పోతాయి. Delete for me నొక్కిన వెంటనే కింద కొన్ని సెకన్లు Undo అని కనిపిస్తుంది, ఆ సమయం ఇప్పుడు దాటిపోయింది.

మిగిలిన దారి గ్రూపు అడ్మిన్ ఒక్కరే. ఇతరులు పంపిన సందేశాన్ని కూడా అందరికీ కనిపించకుండా తొలగించే అధికారం అడ్మిన్‌కు ఉంటుంది. సందేశం పెట్టి ఎదురుచూడకండి, ఫోన్ చేయండి. ఆ సందేశంపై వేలు నొక్కి పట్టి, చెత్తబుట్ట గుర్తు తాకి, Delete for everyone ఎంచుకోమని చెప్పండి. తొలగించినట్టు అడ్మిన్ పేరుతో ఒక గుర్తు అక్కడ మిగులుతుంది, దానికి సిద్ధపడండి.

ఒక్క మాట చెప్పండి: అది పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫా, ఫొటోనా?

మాదాపూర్ ఉద్యోగిని, 11:31
అడ్మిన్ మా టీమ్ లీడే. ఫోన్ చేశాను, 11:26కి తొలగించారు. పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది, కానీ బ్యాంకు వారు తెరుచుకునే కాపీ అడిగారని నేను స్క్రీన్‌షాట్ తీసి పంపాను. పాన్, ఖాతా సంఖ్య, యూఏఎన్ అన్నీ అందులో స్పష్టంగా ఉన్నాయి.

నల్లగండ్ల, ఐటీ సపోర్టు, 11:40
అయితే విషయం కొంత మారుతుంది. వాట్సాప్‌లో సెట్టింగు మార్చుకోని ఫోన్లలో ఫొటోలు మొబైల్ డేటా మీద కూడా వాటంతట అవే దిగిపోతాయి, డాక్యుమెంట్లు మాత్రం వైఫై ఉంటేనే దిగుతాయి. కాబట్టి గ్రూపు తెరవని వారి ఫోన్లలోకి కూడా మీ స్లిప్పు చేరి ఉండవచ్చు. అడ్మిన్ తొలగించినా, ఐఫోన్ వాడేవారి ఫొటోల్లో సేవ్ అయిన కాపీ అలాగే ఉండవచ్చు. ఎవరైనా ఆ నలభై ఆరు నిమిషాల్లో వేరొకరికి ఫార్వర్డ్ చేసి ఉంటే ఆ కాపీ కూడా పోదు.

దిల్‌సుఖ్‌నగర్ గృహిణి, 11:52
నాకు జరిగినది చెబుతాను. ఆపరేషన్ కుట్టు ఎలా ఉందో డాక్టర్ గారికి చూపించాలని తీసిన ఫొటో మా పెదనాన్న పిల్లల గ్రూపులోకి వెళ్లింది. పది నిమిషాల్లో తొలగించి ఊపిరి పీల్చుకున్నాను. మూడు వారాల తర్వాత ఒక పెళ్లిలో మా వదిన ఫోన్‌లో పాత ఫొటోలు చూపిస్తుంటే వేలి కింద నా పొట్ట ఫొటో వచ్చింది. ఆవిడ చూసుకోనే లేదు, దానంతట అదే సేవ్ అయిందట. మిగతా బంధువుల ముందు నాకు కాళ్లు వణికాయి. ఆరోజే ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి తీసేయమని అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మీరు మొహమాటపడకుండా అడగండి.

సికింద్రాబాద్, విశ్రాంత మానవ వనరుల అధికారి, ఉదయం 6:20
ఇది వదినమ్మ ఫోన్ వంటి విషయం కాదు. నియామక పత్రంలో జీతం వివరాలు గోప్యంగా ఉంచాలన్న షరతు ఉందో లేదో ఈరోజే చదువుకోండి. ఉంటే, ఇతరుల ద్వారా తెలియకముందే మీ మేనేజర్‌కు ఒక చిన్న మెయిల్ పంపడం మేలు. పొరపాటు జరిగిన సమయం, తొలగించిన సమయం, అంతే. అందరికీ వివరణ ఇచ్చుకోవాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. చూసిన ఆ ఇద్దరితో విడిగా మాట్లాడి వదిలేయండి. గ్రూపులో రాస్తే, నిద్రపోయి ఏమీ చూడని వారికి కూడా మీరే చెప్పినట్టవుతుంది.

నల్లగండ్ల, ఐటీ సపోర్టు, 7:05
మెయిల్ విషయంలో మీతో ఏకీభవిస్తాను, గ్రూపు విషయంలో కాదు. ఎవరు చదివారో చూపే Info పంపినవారికి మాత్రమే కనిపిస్తుంది. ఆవిడ తన వైపు తొలగించుకున్నందున ఆ జాబితా ఆవిడకు లేదు, అడ్మిన్‌కు అసలే ఉండదు. ఇద్దరు చూశారన్నది, ఆ సమయంలో ఆన్‌లైన్‌లో ఉన్నవారిని బట్టి ఆవిడ వేసుకున్న ఊహే అయి ఉంటుంది. ఎవరితో విడిగా మాట్లాడాలో తెలియనప్పుడు అందరినీ ఒకే వాక్యంలో అడగడమే మార్గం. నేనైతే ఇలా రాస్తాను: "నిన్న రాత్రి పొరపాటున నా వ్యక్తిగత పత్రం ఇక్కడ వచ్చింది. మీ ఫోన్‌లో సేవ్ అయి ఉంటే దయచేసి తొలగించండి." జీతం అన్న మాట ఎత్తనక్కరలేదు. రాసింది అక్షరాలు మాత్రమే అయి ఉంటే నేను కూడా మౌనమే మంచిదనేవాడిని, కానీ ఇక్కడ గ్యాలరీల్లో కాపీ మిగిలి ఉండవచ్చు.

పాన్ గురించి కూడా చెబుతాను. ఖాతా సంఖ్య ఒక్కటే తెలిస్తే డబ్బు తీయలేరు. కానీ ఆ కాగితం బయటి చేతుల్లో పడితే, మీ జీతం అంకెతో సహా చెప్పి "మీ గృహ రుణం గురించి" అంటూ వచ్చే ఫోన్ కాల్ నిజమైనదిగా అనిపిస్తుంది. రుణం నడుస్తున్న ఈ నెలల్లో అలాంటి కాల్ వస్తే పెట్టేసి, బ్యాంకు శాఖకు మీరే ఫోన్ చేయండి, ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి. మీ పాన్ మీద తెలియని రుణం ఏదైనా ఉందేమో రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టులో చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక్కొక్క పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. ఒకేసారి తీసుకోకుండా మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా కనిపెట్టి ఉన్నట్టవుతుంది.

కూకట్‌పల్లి వాసి, 7:30
నిన్న తొందరపడి చెప్పాను, మన్నించండి. బయటకు వస్తే తొలగించే వీలు పోతుందని తెలియదు.

మాదాపూర్ ఉద్యోగిని, మధ్యాహ్నం 1:15
మేనేజర్‌కు మెయిల్ పంపాను, గ్రూపులో ఆ రెండు వాక్యాలే రాశాను. ముగ్గురు తొలగించామని చెప్పారు. అందులో ఇద్దరిని నేను అసలు ఊహించలేదు. కానీ నాతో పాటు ఒకే రోజు చేరిన స్నేహితురాలు భోజనానికి రాలేదు. "నీ బేసిక్ నా కంటే అంత ఎక్కువా?" అని ఒక్క మెసేజ్ పెట్టింది. దానికి ఏమని రాయాలి?

సికింద్రాబాద్, విశ్రాంత మానవ వనరుల అధికారి, 1:40
రాయవద్దు. జీతం గురించి లిఖితపూర్వకంగా మరో మాట జోడించవద్దు.

దిల్‌సుఖ్‌నగర్ గృహిణి, 1:48
రాయకపోతే ఆ అమ్మాయి మనసు విరిగిపోతుందమ్మా. సాయంత్రం టీ దగ్గర పక్కన కూర్చుని మాట్లాడండి.

నల్లగండ్ల, ఐటీ సపోర్టు, 2:10
దీనికి నా దగ్గర సమాధానం లేదు. అయితే ఆ అమ్మాయి కోపం మీ మీద కాకపోవచ్చు. ఒకే రోజు చేరిన ఇద్దరి మధ్య తేడా ఎందుకు ఉందో తెలుసుకునే హక్కు ఆమెకు ఉంది, ఆ ప్రశ్న ఆమె తన మేనేజర్‌ను అడగవచ్చు. మీ అంకెను ఆధారంగా చూపకుండా అడగమని మీరు కోరవచ్చా అన్నది మీ ఇద్దరి స్నేహాన్ని బట్టి ఉంటుంది.

మాదాపూర్ ఉద్యోగిని, 2:25
నాలుగింటికి టీకి రమ్మని పిలిచాను. ఇంకా జవాబు రాలేదు.