ఒక్కో పేమెంట్ వచ్చినప్పుడు అడ్వాన్స్ ట్యాక్స్ కోసం ఎంత పక్కన పెడుతున్నారు?

బెజవాడ_సబ్‌టైటిల్స్
నాలుగేళ్ళుగా ఫ్రీలాన్సింగ్ చేస్తున్నాను, సబ్‌టైటిల్స్, వెబ్‌సైట్లకి కంటెంట్. క్లయింట్లందరూ బయటి దేశాలవాళ్ళే, కాబట్టి టీడీఎస్ కోత లేదు. డబ్బు చేతికొచ్చినప్పుడే లెక్క రాసుకుంటాను. ఏప్రిల్ నుంచి జనవరి దాకా ఖర్చులు పోను సరిగ్గా 12 లక్షలు మిగిలింది, పన్ను లేదులే అనుకుని ఒక్క రూపాయి కట్టలేదు. ఫిబ్రవరిలో ఒక క్లయింట్ ఏడాదిగా నాన్చిన బాకీ మొత్తం, 8 లక్షలు, ఒక్కసారే వేశాడు. అడ్వాన్స్ ట్యాక్స్ ఆఖరి వాయిదా తేదీ మార్చి 15 దగ్గరపడుతోంది. ఈసారి ఎలాగో కడతాను, నా ప్రశ్న వచ్చే ఏడాది గురించి: ఎప్పుడు ఎంత వస్తుందో తెలియనప్పుడు ఒక్కో పేమెంట్‌లో ఎంత శాతం తీసి పెట్టాలి? వేరే ఖాతా తెరవాలా, ఎఫ్‌డీ చేయాలా?

వరంగల్_కుర్రాడు
అక్కా ఇంత టెన్షన్ ఎందుకు, 44ఏడీఏలో వేసేయండి. మొత్తం వసూళ్ళు ఎంత? అందులో సగమే ఆదాయం కింద చూపిస్తే చాలు. అడ్వాన్స్ ట్యాక్స్ కూడా నాలుగుసార్లు అక్కర్లేదు, మార్చి 15న ఒక్కసారే.

బెజవాడ_సబ్‌టైటిల్స్
మొత్తం 22 లక్షలు, ఖర్చులు 2.

వరంగల్_కుర్రాడు
చూశారా, సగం అంటే 11. కొత్త విధానంలో 12 దాకా పన్నే లేదు. సున్నా! పార్టీ ఎప్పుడు?

నల్లకుంట_కోడర్
తమ్ముడూ, ఆమెతో తప్పుడు రిటర్న్ వేయించకు. 44ఏడీఏ ఎవరికి పడితే వాళ్ళకి కాదు. లాయర్లు, డాక్టర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఇంటీరియర్లు, ఇలా జాబితా ఉంది. కంటెంట్ రాసేవాళ్ళు ఆ జాబితాలో ఎక్కడున్నారు?

వరంగల్_కుర్రాడు
సినిమావాళ్ళు ఉన్నారు కదా అన్నా. కథ, మాటలు, పాటలు రాసేవాళ్ళూ ఎడిటర్లూ అందులోకే వస్తారు. సబ్‌టైటిల్ అంటే మాటలు కాదా మరి?

నల్లకుంట_కోడర్
మాటల రచయితా, మాటల్ని ఇంగ్లీషులోకి దించేవాళ్ళూ ఒకటేనా? పైగా సగం అనేది కనీసం చూపాల్సింది. 22లో 20 మిగిలిందని ఆమే రాసింది కదా, 11 చూపించి నోటీసు వస్తే జవాబు నువ్విస్తావా?

వరంగల్_కుర్రాడు
మా సీఏ నాలాంటివాళ్ళు పదిమందికి అలాగే వేస్తున్నాడు. మీరు కోడ్ రాసి టెక్నికల్ కన్సల్టెన్సీ అనుకోవచ్చు, ఆవిడ రాస్తే మాత్రం తప్పా?

మణికొండ_ఎడిటర్
సందట్లో సడేమియా అనుకోకండి, నా ఏడుపు కూడా వినండి. నాకు టీడీఎస్ 10 శాతం కోస్తారు కాబట్టి విడిగా ఏమీ తీసిపెట్టేవాణ్ణి కాదు. పోయిన ఏడాది ఒక నిర్మాణ సంస్థ కోసింది గానీ ప్రభుత్వానికి జమ చేయలేదు. రిటర్న్ వేసేటప్పుడు మన పేరున జమైన పన్ను చూపించే 26ఏఎస్ తెరిస్తే ఆ ఎంట్రీ లేనే లేదు. ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి. కోశారు కదా అని నిద్రపోకండి, మూడు నెలలకోసారి తెరిచి చూసుకోండి.

పాత_ఆడిటర్
ముప్ఫై ఏళ్ళు ఆడిట్ ఆఫీసులో లెక్కలు చూసినవాణ్ణి, అడిగిన ప్రశ్నకి ఒక్కరూ జవాబు చెప్పలేదని గమనిస్తున్నాను. అమ్మా, ముందు ఈ ఏడాది సంగతి. 20 లక్షల మీద కొత్త విధానంలో పన్ను 2 లక్షలు, సెస్సుతో 2,08,000. జూన్ 15కి అందులో 15 శాతం, సెప్టెంబరుకి 45, డిసెంబరుకి 75 కట్టి ఉండాలి. డబ్బు ఫిబ్రవరిలోనే వచ్చిందని చెప్పినా లాభం లేదు, ఏడాది చివర తేలిన పన్ను మీదే లెక్కేస్తారు. ఒక్కో వాయిదాలో తగ్గినదానికి 3 శాతం: 936, 2,808, 4,680. మొత్తం 8,424 వడ్డీ. మార్చి 15న పూర్తిగా కడితే అక్కడితో సరి. 15 దాటి 31 లోపు కడితే ఇంకో 2,080. అదీ దాటిందా, ఏప్రిల్ నుంచి నెలకి 1 శాతం చొప్పున వేరే మీటరు మొదలవుతుంది.

డల్లాస్_సుబ్బు
ఇదేం అన్యాయమండీ. ఇక్కడ అమెరికాలో పోయిన ఏడాది పన్నంత వాయిదాల్లో కట్టేస్తే (ఆదాయం ఎక్కువైతే 110 శాతం) పెనాల్టీ లేదు. ఆదాయం ఏడాది చివర్లో వచ్చిందని ఫారం 2210లో చూపించే వీలూ ఉంది.

నల్లకుంట_కోడర్
సుబ్బు గారూ, ఇక్కడ ఆ సౌకర్యం షేర్లమ్మిన లాభానికీ లాటరీకీ ఉంది, మామూలు ఫ్రీలాన్స్ డబ్బుకి లేదు. వ్యాపార ఆదాయం మొదటిసారి వచ్చిన ఏడాదికి మినహాయింపు ఉంది గానీ ఈమెది నాలుగో ఏడు.

గుంటూరు_మిర్చి
నేనైతే ఏదీ పక్కన పెట్టను. నెలకి 1 శాతం వడ్డీయే కదా, క్రెడిట్ కార్డు కంటే చవక. తిప్పుకుని మార్చిలో కడతాను.

పాత_ఆడిటర్
నెలకి 1 అంటే ఏడాదికి 12. ఎఫ్‌డీలో నీకు 12 ఇచ్చే బ్యాంకు ఉంటే చెప్పు నాయనా, నేనూ వేస్తాను.

ఇక తీసిపెట్టే సంగతి. ఒకే శాతం పట్టుకుని కూర్చోవద్దమ్మా, ఏప్రిల్ నుంచి ఖర్చులు పోను ఎంత జమైందో కూడుతూ వెళ్ళు. మొదటి 12 లక్షల్లో ప్రతి పేమెంట్ నుంచీ 5 శాతం తీయి. అది 60,000 అవుతుంది, 12 లక్షల మీద స్లాబుల ప్రకారం పన్ను సరిగ్గా అంతే. ఏడాది 12 లోపే ముగిస్తే రిబేటు వస్తుంది, ఆ 60,000 నీవే. దాటావో, రిబేటు పోతుంది, అప్పుడు ఆ డబ్బే కాస్తుంది. 12 నుంచి 16 దాకా వచ్చినదాంట్లో 15 శాతం, 16 నుంచి 20 దాకా 20 శాతం, 20 నుంచి 24 దాకా 25, ఆపైన 30. మొత్తం మీద సెస్సుకి కొంచెం కలుపుకో. వాయిదా తేదీన డబ్బాలో ఎంతుంటే అంత కట్టెయ్. జూన్‌లో 3 లక్షలే వచ్చాయనుకో, 15,000 కడతావు. చివరికి ఈసారిలాగే 20 లక్షలు తేలినా ఆ వాయిదాకి పడే వడ్డీ 486 రూపాయలే.

గుంటూరు_మిర్చి
12 దాటకపోతే ముందే కట్టిన డబ్బు కోసం రీఫండ్ అంటూ ఎదురుచూడాలా?

పాత_ఆడిటర్
చూడాలి. ఇష్టం లేకపోతే జూన్‌లో కట్టకు, డబ్బా మాత్రం ముట్టుకోకు. పన్నెండు దాటిన వెంటనే వచ్చే 70 వేల చిల్లర మొత్తం పన్నుకే పోతుందని తెలుసా? 12.5 లక్షలు వస్తే పన్ను 50,000, పైన సెస్సు. ఐదు శాతం తీయనివాళ్ళు ఏడ్చేది అక్కడే.

నల్లకుంట_కోడర్
ఖాతా విషయం: జీతం, ఇంటి ఖర్చు నడిచే బ్యాంకులో పెట్టకండి, యూపీఐ ఏదీ లింకు చేయని ఇంకో బ్యాంకులో పెట్టండి. ఎఫ్‌డీ కంటే స్వీప్ నయం, ఎప్పుడంటే అప్పుడు తీయొచ్చు.

వరంగల్_కుర్రాడు
నేను ఇంకా 44ఏడీఏ అనే అంటాను.

బెజవాడ_సబ్‌టైటిల్స్
మా సీఏ ఒప్పుకోలేదు తమ్ముడూ, రిస్కు వద్దన్నారు. ఈరోజే 2,08,000 కట్టేశాను. మాస్టారూ, చిన్న అనుమానం: ఇది 2025-26 సంపాదన కదా, `Assessment Year` దగ్గర 2025-26 ఎంచుకున్నాను. సరేనా?

పాత_ఆడిటర్
అయ్యో, అది 2026-27 ఉండాలమ్మా. పోర్టల్‌లో `Challan Correction` తెరువు, సంవత్సరం మార్చుకోవడానికి వారమే గడువు. ఈ రాత్రికే చెయ్.